దూరపు కాపీకి మన చెయ్యి అందకూడదు

హనుమకొండలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఆల్బమ్ డిజైనర్లు కలుసుకున్న ఒక సాయంత్రం, సొంతంగా పని చేసుకునే ఒక ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారం. నన్ను కెమెరాల గురించి మాట్లాడమంటారని అనుకున్నాను, హార్డ్ డిస్కుల గురించి మాట్లాడమన్నారు. కొత్త లెన్సు కొన్నప్పుడు నలుగురికి చూపించుకుంటాం కానీ, కొత్త హార్డ్ డిస్కు కొన్నామని ఎవరికీ చెప్పుకోం. అందుకే ఈ మాట సభల్లో ఎక్కువగా రాదు.

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరవతల. ఈ లెక్క మీలో చాలామంది వినే ఉంటారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్. కంప్యూటర్ కంపెనీ వాళ్లు కాదు, మన వృత్తి వాళ్లే ఈ లెక్క పెట్టారని చెప్పుకోవడం నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. మొదటి రెండు కాపీల సంగతి మీకు తెలుసు. పని చేసే కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌డీ ఒకటి, పక్కన హార్డ్ డిస్కు ఒకటి. వాటి మీద సమయం ఖర్చు చేయను. ఈ రోజు చెప్పదలచింది మూడోదాని గురించి. దాన్ని క్లౌడ్‌లో పెడితే అది నిజంగా మూడో కాపీ ఎప్పుడవుతుంది, ఎప్పుడు కాదు అన్నదే నా విషయం.

ఊరవతల ఎందుకో మన ఊళ్లో వివరించి చెప్పాల్సిన అవసరం లేదు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. ఇక్కడ హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కింది అంతస్తులో స్టూడియో ఉన్నవాళ్లకు ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి. బల్ల మునిగిందంటే రెండు కాపీలూ పోయినట్టే. క్లౌడ్ వాళ్లకూ ఇలాంటి గండాలు తప్పవు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. అసలు డేటాతో పాటు బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లు రెండింటినీ పోగొట్టుకున్నారు. క్లౌడ్ అంటే ఎక్కడో ఉన్న మరొకరి కంప్యూటరే, దానికీ ఒక చిరునామా ఉంటుంది. మన అసలు పని హనుమకొండలో ఉన్నప్పుడు, ఆ చిరునామా ముంబై అయినా జర్మనీ అయినా మనకు ఊరవతలే.

ఇక నా సొంత కథ. ఐదేళ్ల క్రితం నా దగ్గర మూడు కాపీలు ఉండేవి. కంప్యూటర్లో ఒకటి. రాత్రి పూట తనంతట తానే కాపీ అయ్యే హార్డ్ డిస్కు ఒకటి. క్లౌడ్ ఫోల్డర్ ఒకటి. అందులో ఏది వేసినా కాసేపటికి పైకి వెళ్లిపోయేది. మూడు, రెండు, ఒకటి. లెక్క కుదిరింది కదా? జమ్మికుంట పెళ్లి ఒకటి ఇచ్చేశాం, ఆల్బమ్ కూడా ప్రింటు అయ్యింది. కంప్యూటర్లో జాగా చాలడం లేదని మా కుర్రాడు ఆ ఫోల్డర్ తీసేశాడు. బ్యాకప్ ఉంది కదా అన్నది వాడి ధైర్యం. ఆ రాత్రి హార్డ్ డిస్కు ప్రోగ్రాము లేచి చూసింది. కంప్యూటర్లో ఆ ఫోల్డర్ లేదు కాబట్టి తన దగ్గర కూడా తీసేసింది. క్లౌడ్ అంతకంటే ముందే, గంటలోనే తీసేసింది. దాని చెత్తబుట్టలో 30 రోజులు ఉంచుతారు. పెళ్లికూతురు తండ్రి ఫోను చేసి ఇంకో ఆల్బమ్ కావాలన్నది నలభై రోజులు దాటాక.

ఆ క్లౌడ్ సేవ పేరు అనవసరం, తప్పు దానిది కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. అక్కడ ఉన్నది మూడు కాపీలు కాదు, ఒకే కాపీకి మూడు నీడలు. ఆల్బమ్ ప్రింటు చేసిన ల్యాబు దగ్గర పేజీల ఫైళ్లు మిగిలి ఉండబట్టి ఆయనకు రెండో ఆల్బమ్ ఇవ్వగలిగాను. రా ఫైళ్లు మాత్రం పోయాయి. ఆయనకు ఆ మాట ఎలా చెప్పానో మిమ్మల్ని ఊహించుకోమంటాను.

దీన్నే సింక్ అంటారు. ఇక్కడ ఉన్నట్టే అక్కడా ఉండేలా చూడటం దాని పని. మీరు తీసేస్తే అదీ తీసేస్తుంది, మీ ఫైలు పాడైతే పాడైన ఫైలునే పైకి పంపుతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగితే, ఆ తాళం వేసిన ఫైళ్లను కూడా శ్రద్ధగా పైకి ఎక్కిస్తుంది. బ్యాకప్ అలా ఉండకూడదు. ఇక్కడ ఏం జరిగినా నిన్నటిది నిన్నటిలాగే అక్కడ మిగలాలి. ఇంట్లో ఉన్న కంప్యూటరు చెయ్యి దానికి అందకూడదు. నీళ్ల నుంచి దాన్ని దూరంగా పెట్టుకున్నాం సరే, మన నుంచి కూడా దూరంగా పెట్టాలి.

మీ దగ్గర ఉన్నది సింకా బ్యాకప్పా తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను, ఇంటికి వెళ్లి ఈ రాత్రే చేయండి. ఒక చిన్న ఫైలు తయారు చేసి పైకి ఎక్కే దాకా ఆగండి. తర్వాత కంప్యూటర్లో దాన్ని తీసేయండి. గంట ఆగి, ఫోనులో బ్రౌజర్ తెరిచి క్లౌడ్ లోపల చూడండి. ఫైలు మామూలుగా తన చోట కనిపిస్తే మంచిది. చెత్తబుట్టలో కనిపిస్తే అది ఎన్నాళ్లు ఉంటుందో చూసుకోండి. మీ దగ్గరున్నది బ్యాకప్ కాదు, ఆ కొన్నాళ్ల గడువు మాత్రమే.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానో చెబుతాను. ఆర్‌క్లోన్ అని ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాము ఉంది. నల్ల తెర మీద ఆదేశం టైపు చేయాలి, భయపడకండి, ఒక్కసారి రాసిపెట్టుకుంటే చాలు. అందులో `sync` అని ఒక మాట, `copy` అని ఇంకో మాట ఉన్నాయి. మొదటిది నా పాత కథే, ఇక్కడ లేనిది అక్కడా తీసేస్తుంది. రెండోది కొత్తవి పైకి పంపుతుంది, అక్కడున్నవి తీసేయదు. ఒక్క మాట తేడా. నా జమ్మికుంట పెళ్లి ఆ ఒక్క మాట దగ్గరే పోయింది.

```
rclone copy "D:\raw\jangaon" rahasyam:raw/jangaon --immutable --exclude "*.xmp" --bwlimit "06:00,256k 22:00,off" -v --log-file raw.log
```

ఇందులో మన వృత్తికి బాగా సరిపోయే మాట `--immutable`. రా ఫైలు కెమెరా నుంచి వచ్చాక మారకూడదు, మారిందంటే ఏదో తేడా జరిగినట్టే. పైన ఉన్న ఫైలు ఒకలా, కింద ఉన్నది ఇంకోలా కనిపిస్తే ఈ మాట వల్ల ప్రోగ్రాము పైదాన్ని ముట్టుకోకుండా లాగ్‌లో `immutable file modified` అని రాస్తుంది. ఆ వాక్యం కనిపించిన రోజు మిగతా పనులు ఆపి కంప్యూటర్ సంగతి చూడాలి. రంగులు దిద్దిన వివరాలు రాసుకునే ఎక్స్‌ఎంపీ ఫైళ్లు మాత్రం రోజూ మారతాయి, అందుకే వాటిని ఇక్కడ వదిలేసి వేరే ఆదేశంతో పంపుతాను. మొదట్లో అది తెలియక, ప్రతి ఉదయం లాగ్ నిండా తప్పులు చూసి వైరస్ వచ్చిందని రెండు రోజులు నిద్రపోలేదు.

డబ్బు అడిగే వైరస్‌లలో కొన్ని ఫైలు పేరు కూడా మార్చేస్తాయి. అప్పుడు ఈ కట్టడి పట్టుకోలేదు, పేరు మారిన ఫైళ్లు కొత్తవి అనుకుని పైకి వెళ్లిపోతాయి. పాతవి పైన అలాగే ఉంటాయి కాబట్టి నష్టం లేదు, కానీ గుర్తు పట్టాలి. షూటింగు లేని వారంలో ఒక్క రాత్రి వేల ఫైళ్లు పైకి వెళ్లాయని లాగ్ చెబితే, అదే గుర్తు.

అయితే `copy` అన్నది నా మర్యాద మాత్రమే. నా కంప్యూటర్లోకి చొరబడ్డవాడికి నా క్లౌడ్ తాళంచెవి దొరికితే వాడు నేరుగా అక్కడికే వెళ్లి అన్నీ చెరిపేయగలడు. దానికి విరుగుడు క్లౌడ్ వైపే ఉండాలి. ఆబ్జెక్ట్ స్టోరేజ్ అనే రకం సేవలు చాలావాటిలో ఆబ్జెక్ట్ లాక్ అని ఒక సౌకర్యం ఉంది. ఫైలు ఎక్కించేటప్పుడే ఇన్ని రోజులు దీన్ని ఎవరూ తీసేయకూడదని గడువు పెడతాం. అందులో కంప్లయన్స్ అనే గట్టి పద్ధతిలో గడువు తీరేదాకా ఖాతాదారుడు కూడా తీయలేడు. నేను 180 రోజులు పెట్టాను. పెళ్లి నుంచి ఆల్బమ్ ఇచ్చి, డబ్బు పూర్తిగా చేతికొచ్చే దాకా నాకు మామూలుగా అంతకంటే ఎక్కువ పట్టదు. (నవ్వులు) పట్టేవాళ్లు ఎక్కువ పెట్టుకోండి. కానీ ఒక హెచ్చరిక ఉంది. పొరపాటున సినిమాల ఫోల్డర్ ఎక్కించినా ఆ 180 రోజులూ అద్దె కట్టాల్సిందే, ఏడ్చినా తీయరు. మొదట ఏడు రోజులతో ప్రయత్నించి చూడండి.

ఇక అందరినీ ఆపేసే మాట, అప్‌లోడ్. జనగామ పెళ్లి లెక్క చెబుతాను. 3,600 రా ఫొటోలు, ఒక్కోటి సుమారు 30 ఎంబీ, అంటే 108 జీబీ. వీడియో 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీశాం. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అది సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా రికార్డు అయ్యింది ఐదు గంటలు, 225 జీబీ. రెండూ కలిపి 333 జీబీ.

మా ఇంట్లో కనెక్షన్ మీద 100 అని రాసి ఉంటుంది. అది కిందికి వచ్చే వేగం. పైకి వెళ్లేది కొలిచి చూస్తే 20 మెగాబిట్లు. మీరూ కొలుచుకోండి, బిల్లు మీద అంకెను నమ్మకండి. 20 మెగాబిట్లంటే సెకనుకు రెండున్నర ఎంబీ. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 8 గంటల్లో 72 జీబీ వెళుతుంది. ఫొటోలకు ఒకటిన్నర రాత్రి, వీడియోకు మూడు రాత్రుల పైన. మొత్తం ఐదు రాత్రులు అనుకోండి. పై ఆదేశంలో ఉన్న ఆ గంటల లెక్క ఇందుకే. పగలు వేగం బాగా తగ్గించి, రాత్రి వదిలేస్తుంది. అలా పెట్టకముందు మా పాప ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయి, ఇంట్లో నా బ్యాకప్‌కు చాలా చెడ్డపేరు వచ్చింది.

ఐదు రాత్రులు అంటే ఏమిటో ఆలోచించండి. పెళ్లయిన నాటి నుంచి ఐదు రోజులు నాకు ఊరవతల కాపీ లేదు. మాఘమాసంలో అయితే మూడో రాత్రికి ఇంకో పెళ్లి వచ్చి వెనకాల నిలబడుతుంది. ఆ మధ్య కాలానికి నా జవాబు మెమరీ కార్డులే. అప్‌లోడ్ పూర్తయి, సరిచూసుకునే దాకా కార్డులు ఫార్మాట్ చేయను. స్టూడియోలో ఉంచను కూడా. ఒక కవరులో పెట్టి మా కుర్రాడు కాజీపేటలో వాళ్లింటికి తీసుకెళతాడు, వాళ్లది మూడో అంతస్తు. దీనికోసం అదనంగా నాలుగు కార్డులు కొనాల్సి వచ్చింది. ఈ మొత్తం ఏర్పాటులో డబ్బు బాగా ఖర్చయింది అక్కడే.

వరుస కూడా ముఖ్యం. ముందు ఫొటోలు, తర్వాత తాళి కట్టే ఘట్టం వీడియో, ఆ తర్వాత మిగతాది. డ్రోను తీసిన ఫంక్షన్ హాలు పైకప్పు చివర్లో వెళ్లినా ఎవరూ బాధపడరు.

పాత పనంతా ఎక్కించాలా అని అడుగుతారు. నా దగ్గర 4 టీబీ పాతవి ఉన్నాయి. అదే రాత్రి లెక్కన 55 రాత్రులు పైన పడుతుంది. ఆ 55 రాత్రులూ కొత్త పెళ్లిళ్లు వరుసలో వెనక నిలబడాలి. నేను అలా చేయలేదు. పాత పెళ్లిళ్లలో ఆల్బమ్ పేజీలు, ఇచ్చిన జేపెగ్‌లు మాత్రం ఎక్కించాను, అవి మొత్తం కలిపినా కొన్ని రాత్రులే. పాత రా ఫైళ్లు ఒక హార్డ్ డిస్కులో వేసి కరీంనగర్‌లో మా అక్క ఇంటి బీరువాలో పెట్టాను. క్లౌడ్ ఉంది కదా అని అన్నీ దాని నెత్తిన పెట్టనవసరం లేదు. కొత్త పనికి అది నప్పుతుంది, పాత గుట్టకు బస్సు నప్పుతుంది.

ఇందాకటి ఆదేశంలో `rahasyam:` అని ఒక పేరు చూశారు. అది నేను పెట్టిన పేరు. ఆర్‌క్లోన్‌లో క్రిప్ట్ అనే ఏర్పాటుతో ఫైళ్లు ఇంటి దగ్గరే తాళం వేసుకుని వెళతాయి, పైనున్న కంపెనీకి పేర్లు కూడా అర్థం కావు. ఎవరో పెళ్లికూతురి ఫొటోలు నన్ను నమ్మి ఇచ్చినవి, ఈ పని నాకు తప్పనిసరి అనిపించింది. కానీ ఇప్పుడు కొత్త ప్రమాదం వచ్చింది. దానికి రెండు పాస్‌వర్డులు ఉంటాయి, అవి ఆ కంప్యూటర్లోని `rclone.conf` అనే ఫైల్లో ఉంటాయి. కంప్యూటర్ మునిగి, ఆ పాస్‌వర్డులు ఇంకెక్కడా లేకపోతే, పైనున్న 333 జీబీ చెత్తతో సమానం. కంపెనీ వాళ్లను బతిమాలినా లాభం లేదు, వాళ్ల దగ్గరా లేవు. అందుకే ఒక కాగితం మీద రాశాను. రెండు పాస్‌వర్డులు, క్లౌడ్ ఖాతా పేరు, పాస్‌వర్డు, అన్నిటికంటే ముఖ్యంగా రికవరీ కోడ్లు. ఓటీపీ వచ్చే ఫోను కూడా అదే వరదలో పోవచ్చని చాలామందికి తట్టదు. ఆ కాగితం కూడా అక్క బీరువాలోనే ఉంది. కార్డు గడువు తీరి క్లౌడ్ అద్దె కట్టకపోతే ఖాతా ఆగిపోతుంది కాబట్టి, ఆ గడువు తేదీ కూడా దాని మీదే రాశాను.

ఎక్కించాక సరిచూడటం ఉంది. మామూలు ఏర్పాటులో `rclone check` చాలు. తాళం వేసి పంపినప్పుడు అది సైజులు మాత్రమే పోలుస్తుంది, అందుకని ఇది వాడాలి.

```
rclone cryptcheck "D:\raw\jangaon" rahasyam:raw/jangaon --one-way --exclude "*.xmp"
```

చివర్లో `0 differences found` అని వస్తేనే కాజీపేట నుంచి కార్డులు తెప్పిస్తాను.

అయినా ఇదంతా పైకి వెళ్లిందన్న రుజువు మాత్రమే, వెనక్కి వస్తుందన్నది వేరే సంగతి. దానికి మూడు నెలలకోసారి ఒక ఆదివారం పెడతాను. స్టూడియో కంప్యూటర్ ముట్టుకోను. మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్, ఆ కాగితానికి ఒక నకలు, అంతే. కొత్తగా ఆర్‌క్లోన్ వేసుకుని, ఏదో ఒక పెళ్లి నుంచి ఇరవై రా ఫైళ్లు దింపుతాను. చిన్న బొమ్మ కనిపించిందని సంతోషపడను, ప్రతి ఫైలూ పూర్తి సైజులో తెరిచి ఎక్స్‌పోర్ట్ చేస్తాను. రా ఫైలు లోపల చిన్న జేపెగ్ ఒకటి ఉంటుంది, అసలు డేటా పాడైనా అది కనిపిస్తూ మోసం చేస్తుంది.

మొదటి ఆదివారం ఘోరంగా ఓడిపోయాను. కాగితం మీద రెండో పాస్‌వర్డులో పెద్ద ఐ రాశానో, చిన్న ఎల్ రాశానో నాకే అర్థం కాలేదు. రెండు గంటలు పట్టింది. స్టూడియోలో అసలు కంప్యూటర్ బతికే ఉంది కాబట్టి వెళ్లి చూసుకున్నాను. అప్పటి నుంచి అక్షరం పక్కన అక్షరం పేరు కూడా రాస్తున్నాను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక శ్రోత: అన్నా, గూగుల్ ఫొటోస్‌లో పెడితే సరిపోదా?

అక్కడ తక్కువ జాగా తీసుకునే అమరిక ఉంటే ఫొటో కుదించుకుపోతుంది, 16 మెగాపిక్సెళ్లు దాటినవి చిన్నవైపోతాయి. అసలు నాణ్యతతో పెట్టినా ఉచితంగా వచ్చే 15 జీబీ మన పెళ్లిలో భోజనాల దాకా కూడా రాదు, అందులో మీ మెయిలు కూడా ఉంటుంది. పెళ్లివాళ్లకు ఫొటోలు చూపించడానికి వాడుకో తమ్ముడూ, తప్పులేదు.

ఇంకో శ్రోత: అమెజాన్‌లో చాలా చవకైన రకం ఒకటి ఉందంటున్నారు కదా?

డీప్ ఆర్కైవ్ అంటారు. చవకే. కానీ ఫైలు అడిగితే వెంటనే రాదు, మామూలు పద్ధతిలో 12 గంటల లోపు, ఇంకా చవక పద్ధతిలో 48 గంటల లోపు సిద్ధం చేస్తారు. వెనక్కి తీసుకున్నప్పుడు విడిగా డబ్బు, 180 రోజుల లోపు తీసేసినా ఆ 180 రోజుల అద్దె. పదేళ్ల కిందటి రా ఫైళ్లకు బాగుంటుంది. రేపు ఉదయం ఆల్బమ్ ప్రింటుకు వెళ్లాల్సిన పెళ్లికి బాగుండదు. ఏ సేవ తీసుకున్నా, పెట్టడానికి ఎంతో చూసే ముందు 333 జీబీ ఒకేసారి వెనక్కి తీసుకుంటే ఎంతవుతుందో లెక్క వేయండి. ఆ లెక్క వేశాకే నేను ఒక సేవను వదిలేసి ఇంకోదానికి మారాను.

మరో శ్రోత: కార్డులు ఫార్మాట్ చేయకుండా ఐదు రోజులు ఆపాలంటే, తర్వాతి రోజే పెళ్లి ఉంటే ఎలా సార్?

కార్డులు కొనండి. ఇంకో దారి నాకు దొరకలేదు.